రిటైనింగ్ వాల్‌కి కాంక్రీటు ఎంత, స్టీలు ఎంత: స్టెమ్ ఎత్తు, బేస్ వెడల్పు, టో పొడవు నుంచి లెక్క కట్టడం

కాంటిలివర్ రిటైనింగ్ వాల్‌ని పక్క నుంచి కోసి చూస్తే తలకిందులైన 'టి' అక్షరంలా ఉంటుంది. నిలువుగా నిలబడేది స్టెమ్. దాని కింద అడ్డంగా పరుచుకున్నది బేస్. స్టెమ్‌కి ముందు, అంటే మట్టి లేని వైపు, బయటికి వచ్చిన బేస్ ముక్క టో. వెనక మట్టి కింద ఉండిపోయేది హీల్. చాలాసార్లు మేస్త్రీ చేతికి వచ్చేవి మూడు కొలతలే: స్టెమ్ ఎత్తు, బేస్ వెడల్పు, టో పొడవు. ఈ మూడింటికీ మందాలు కలిస్తే కాంక్రీటు లెక్క పది నిమిషాల్లో తేలిపోతుంది. స్టీలు లెక్క అంత తేలిక కాదు. ఎందుకంటే దుకాణంలో రాడ్డు 12 మీటర్ల పొడవున దొరుకుతుంది, మీ గోడకి కావలసిన ముక్క మాత్రం 12కి సరిగ్గా భాగం పోదు.

ఒక గోడని తీసుకుని మొదటి నుంచి చివరి దాకా లెక్క కడదాం. స్టెమ్ ఎత్తు 3.5 మీటర్లు, బేస్ వెడల్పు 2.4 మీటర్లు, టో 0.7 మీటర్లు. గోడ పొడవు 12 మీటర్లు, అంటే రెండు జాయింట్ల మధ్య ఒక ప్యానెల్. కాంక్రీటు ఎం25, స్టీలు ఎఫ్ఈ 500డి. వెనక ఇసుక పాలు ఎక్కువున్న మట్టి, పైన చిన్న బండ్లు తిరిగే దారి.

ముందు కొలతలు దేన్నుంచి దేనికో తేల్చుకోండి

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. స్టెమ్ ఎత్తు అంటే బేస్ పై మట్టం నుంచి గోడ తల దాకా. బేస్ మందం ఇందులో కలవదు. కొందరు మొత్తం ఎత్తునే స్టెమ్ ఎత్తు అనేస్తారు, ఇంకొందరు నేల మీద కనిపించే ఎత్తు చెబుతారు. మన గోడలో బేస్ 0.4 మీటర్ల మందం, కాబట్టి మొత్తం ఎత్తు 3.9. బేస్ మీద ముందు వైపు 0.6 మీటర్ల మట్టి ఉంటుంది, కాబట్టి కంటికి కనిపించేది 2.9 మాత్రమే. ఒకే గోడకి మూడు ఎత్తులు. ఏది చెబుతున్నారో అడిగి, కాగితం మీద రాయించుకోండి.

ఇది కాంక్రీటు కోసం పడే పాట్లు కాదు. ఎత్తులో అర మీటరు తేడా వస్తే స్టెమ్ కాంక్రీటు 14 శాతం పెరుగుతుంది, అంతే. మట్టి తోపు వల్ల స్టెమ్ మొదట్లో పుట్టే వంపు బలం మాత్రం ఎత్తు ఘనంతో పెరుగుతుంది, పైన దారి బరువు వల్ల పుట్టేది ఎత్తు వర్గంతో. మన గోడకి రెండూ కలిపి మీటరు పొడవుకి 63 కిలోన్యూటన్ మీటర్లు. స్టెమ్ 4 మీటర్లయితే దాదాపు 91. అంటే 43 శాతం ఎక్కువ. 3.5 మీటర్లకి సరిపోయిన రాడ్లు 4 మీటర్లకి చాలవు.

టో పొడవుని బేస్ కొస నుంచి స్టెమ్ అడుగున ముందు ముఖం దాకా కొలవాలి. స్టెమ్ పైన 0.2, అడుగున 0.4 మీటర్ల మందం. ఆ వాలు ముందు ముఖానికి ఇచ్చి, మట్టి వైపు ముఖాన్ని నిటారుగా ఉంచుతున్నాం. బరువు మోసే రాడ్లు మట్టి వైపే ఉంటాయి కనుక అవి వంపు లేకుండా నేరుగా నిలబడతాయి. పైగా మట్టి తోపుకి గోడ తల కాస్త ముందుకి కదిలినా, ముఖం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి ఒరిగినట్టు కనిపించదు. హీల్‌ని ఎవరూ చెప్పరు, మీరే తీయాలి: 2.4 నుంచి టో 0.7, స్టెమ్ అడుగు మందం 0.4 తీసేస్తే 1.3 మీటర్లు. స్టెమ్ మందం తీయడం మరిచి హీల్ 1.7 అని రాసుకునేవాళ్లు తక్కువేం లేరు.

కాంక్రీటు

```
బేస్   = B × t × L            = 2.4 × 0.4 × 12           = 11.52
స్టెమ్  = (a + b)/2 × H × L    = (0.2 + 0.4)/2 × 3.5 × 12 = 12.60
కీ     = 0.3 × 0.4 × 12                                  =  1.44
మొత్తం                                                   = 25.56 ఘ.మీ.
```

ఇందులో B బేస్ వెడల్పు, t బేస్ మందం, H స్టెమ్ ఎత్తు, a, b స్టెమ్ పై, అడుగు మందాలు, L గోడ పొడవు. కీ అంటే బేస్ అడుగున దిగే పన్ను, అదెందుకో కింద చూద్దాం. టో ఎక్కడా లేదని గమనించారా? దాని సంగతి కాసేపట్లో.

కింద బెడ్ కాంక్రీటు, 1:4:8 పాళ్లలో, 100 ఎంఎం మందం. బేస్‌కి నాలుగు వైపులా 100 ఎంఎం బయటికి రావాలి: 2.6 × 12.2 × 0.1 = 3.17 ఘనపు మీటర్లు. తడి కాంక్రీటుని పొడి సరుకుగా మార్చడానికి 1.54తో హెచ్చించి 13 భాగాలు చేస్తే, సిమెంటు 541 కిలోలు, అంటే 11 బస్తాలు. ఇసుక ఒకటిన్నర, 40 ఎంఎం కంకర మూడు ఘనపు మీటర్లు. కీ కోసం తవ్విన గాడిలో అడుగున కూడా కాస్త పోస్తారు, అది ఈ లెక్కలో చేర్చలేదు.

స్టెమ్‌లో నీళ్లు పోయే గొట్టాల రంధ్రాలనీ, లోపలి స్టీలు ఆక్రమించిన చోటునీ కాంక్రీటు నుంచి తీసేయకండి. 0.1 చదరపు మీటరు దాకా ఉన్న రంధ్రాలకి కొలత తగ్గించకూడదని ఐఎస్ 1200 కూడా చెబుతుంది. మన గోడలో స్టీలు మొత్తం కలిపి 0.17 ఘనపు మీటర్లే.

రెడీమిక్స్ తెప్పించేటట్లయితే రెండు విడతలు: బేస్, కీ కలిపి 12.96, తర్వాత స్టెమ్ 12.6. చేజారేది మూడు శాతం కలిపి 13.5, 13 అని చెప్పండి. 6 ఘనపు మీటర్ల బండి అయితే ప్రతి విడతకీ రెండు నిండు బండ్లు, ఒక అరకొర బండి వస్తాయి. ఆ అరకొర బండికి అదనంగా బాడుగ కట్టమంటారు. ఆర్డరు పెట్టేముందే ఆ మాట తేల్చుకోండి. సైటు మీదే కలిపేటట్లయితే ఎం25కి పాత అలవాటు ప్రకారం 1:1:2 అని కలపకండి. ఐఎస్ 456 ప్రకారం పాళ్ల మిశ్రమం ఎం20 దాకానే, ఆపైన మిక్స్ డిజైన్ కావాలి. ఘనపు మీటరుకి 350 కిలోల సిమెంటు అని డిజైన్ చెబితే మనకి 179 బస్తాలు పడతాయి.

ఆ కీ ఎందుకు?

షియర్ కీ అంటే బేస్ అడుగున పొడవునా దిగిన కాంక్రీటు పన్ను. మనం దాన్ని 0.3 వెడల్పు, 0.4 లోతుతో స్టెమ్ కింద పెట్టాం. ఎస్టిమేట్లలో ఎక్కువగా మరిచిపోయేది ఇదే. తగ్గించుకోమన్నప్పుడు ముందుగా కొట్టేసేదీ ఇదే. ఆ పని చేసేముందు ఒక్కసారి ఈ లెక్క చూడండి.

మట్టి బరువు ఘనపు మీటరుకి 18 కిలోన్యూటన్లు, మట్టి లోపలి రాపిడి కోణం 30 డిగ్రీలు, పైన దారి బరువు చదరపు మీటరుకి 10 కిలోన్యూటన్లు అనుకుందాం. మీటరు పొడవుకి గోడని ముందుకి తోసే బలం 58.6 కిలోన్యూటన్లు. గోడ బరువు, హీల్ మీది మట్టి బరువు కలిపి 132. అడుగున రాపిడి అందులో సగం అనుకుంటే 66. అంటే జారకుండా ఆపే బలం తోసే బలానికి 1.13 రెట్లే. కోడ్ ప్రకారం కావలసింది 1.4 రెట్లు, అదీ బరువులో పదో వంతు తగ్గించి లెక్కించాక. బోర్లా పడకుండా మాత్రం 2.3 రెట్ల భద్రత ఉంది, దానితో ఇబ్బంది లేదు. ఈ గోడ పడిపోదు, జారిపోతుంది. కీ ముందున్న మట్టి ఎదురు ఒత్తడం వల్లే అది నిలబడుతుంది. 1.44 ఘనపు మీటర్లు మిగుల్చుకుందామని కీ తీసేస్తే పోయేది గోడే.

అందుకే కీ గాడిని తవ్వేటప్పుడు అంచులు కదలని నేలలో, కొలత మేరకే తవ్వించాలి. వెడల్పుగా తవ్వి, తర్వాత మట్టి కప్పి సరిచేస్తే ఆ వదులు మట్టి ఎదురు ఒత్తదు. ఎక్కువ తవ్వారా, ఆ ఖాళీని కాంక్రీటుతోనే నింపించండి.

టో పొడవు ఏం మారుస్తుంది

బేస్ 2.4 మీటర్లలోనే ఉంచి టోని 0.7 నుంచి 1.0కి పెంచారనుకోండి. కాంక్రీటు లెక్కలో ఒక్క చుక్క కూడా మారదు. హీల్ మాత్రం 1.3 నుంచి 1.0కి తగ్గుతుంది, దాని మీద కూర్చునే మట్టి మీటరుకి 82 నుంచి 63 కిలోన్యూటన్లకి పడిపోతుంది. ఈ గోడని జారకుండా పట్టుకునే బరువులో సింహభాగం ఆ మట్టిదే. కీ లేకుండా చూస్తే భద్రత 0.97కి దిగిపోతుంది. ఒకటి కన్నా తక్కువ అంటే లెక్క ప్రకారం గోడ అప్పటికే జారుతున్నట్టు.

కాబట్టి పక్కవాళ్ల హద్దు అడ్డొచ్చో, వెనక తవ్వడం కష్టమయ్యో స్టెమ్‌ని 'కాస్త వెనక్కి' జరుపుదామన్నప్పుడు, కాంక్రీటు అంతే కదా అని తలూపకండి. డిజైన్ మళ్లీ చూడాలి.

స్టీలులోనూ టో కనిపిస్తుంది. స్టెమ్‌లో మట్టి వైపు నిలువు రాడ్డు బేస్ అడుగు దాకా దిగి, అక్కడ టో వైపుకి వంగి, టో కొస దాకా పోతుంది. టో అడుగున తన్యత, అంటే లాగుడు బలం, వస్తుంది కనుక ఆ కాలే టోకి మెయిన్ స్టీలు. టో పెరిగితే ప్రతి నిలువు రాడ్డూ అంతే పెరుగుతుంది.

స్టీలు: ఒక్కో రాడ్డు పొడవు

రాడ్ల సైజు, దూరం స్ట్రక్చరల్ డ్రాయింగ్ నుంచి తీసుకోవాలి. ఇక్కడ వాడినవి పైన చెప్పిన మట్టికీ, బరువుకీ సరిపోయేవి. వెనక నల్లరేగడి ఉంటే ఇవేవీ చెల్లవు. ఆ మన్ను తడిస్తే ఉబ్బి తోస్తుంది. దాన్ని తీసి మొరం నింపడమే దారి.

కవర్ అంటే రాడ్డుకీ కాంక్రీటు బయటి ముఖానికీ మధ్య ఉండే కాంక్రీటు మందం. అది బేస్‌లో 50 ఎంఎం, స్టెమ్‌లో మట్టి వైపు 50. పనిలో ప్రధానమైన రాడ్డుని ఒకదాన్ని నింపాదిగా చూద్దాం, మిగతావి అదే పద్ధతి.

స్టెమ్ మట్టి వైపు నిలువు రాడ్డు, 12 ఎంఎం, 150 దూరం. మొత్తం ఎత్తు 3.9లో పైన 50, కింద 50 ఎంఎం కవర్ తీస్తే నిలువు భాగం 3.80. వంగిన కాలు, మట్టి వైపు ముఖం నుంచి టో కొస దాకా 0.4, 0.7 కలిపి 1.1, రెండు చివర్లా కవర్ తీస్తే 1.00. మొత్తం 4.80. 90 డిగ్రీల వంపు దగ్గర రాడ్డు మూల తిరక్కుండా గుండ్రంగా పోతుంది కాబట్టి వ్యాసానికి రెండింతలు, 24 ఎంఎం, తీసేయాలి. కోత పొడవు 4.776 మీటర్లు.

ఎన్ని రాడ్లు? 12 మీటర్లలో రెండు చివరల కవర్ పోతే 11.9. దాన్ని 0.15తో భాగిస్తే 79.33. దాన్ని పైకి తీసుకుని 80 ఖాళీలు, ఒకటి కలిపితే 81 రాడ్లు. 79 ఖాళీలకి సర్దితే దూరం 150 దాటుతుంది. ఆ 'ఒకటి కలపడం' మరిస్తే చివరి రాడ్డు తగ్గుతుంది.

బరువుకి వ్యాసాన్ని వ్యాసంతో హెచ్చించి 162తో భాగించాలి: 12 ఎంఎం మీటరుకి 0.889 కిలోలు, 10 ఎంఎం 0.617, 8 ఎంఎం 0.395.

| ఎక్కడ | సైజు, దూరం | ఎన్ని | కోత పొడవు (మీ.) | కిలోలు |
|---|---|---|---|---|
| స్టెమ్ మట్టి వైపు నిలువు | 12, 150 | 81 | 4.776 | 344 |
| బేస్ పై జాలీ, అడ్డం (హీల్ మెయిన్) | 12, 150 | 81 | 2.30 | 166 |
| బేస్ కింది జాలీ, అడ్డం | 10, 200 | 61 | 2.30 | 87 |
| బేస్ పొడవు రాడ్లు, పైనా కిందా | 10, 200 | 26 | 11.90 | 191 |
| స్టెమ్ ముందు ముఖం నిలువు | 10, 200 | 61 | 3.98 | 150 |
| స్టెమ్ పొడవు రాడ్లు, రెండు వైపులా | 10, 200 | 36 | 11.90 | 264 |
| కీలో యు ఆకారపు రాడ్లు | 10, 200 | 61 | 1.82 | 69 |
| కీలో పొడవు రాడ్లు | 10 | 4 | 11.90 | 29 |
| బేస్‌లో కుర్చీలు | 12 | 29 | 1.24 | 32 |
| స్టెమ్‌లో ఎస్ హుక్కులు | 8 | 42 | 0.45 | 7 |

మొత్తం 1,339 కిలోలు. ఘనపు మీటరు కాంక్రీటుకి 52 కిలోలు పడింది, గోడ పొడవు మీటరుకి 112. మీ లెక్క ఘనపు మీటరుకి 30 అనో, 120 అనో చూపిస్తే ఎక్కడో ఒక వరుస జారిపోయింది, లేదా రెండుసార్లు పడింది.

స్టెమ్ ముందు ముఖంలో జాలీ ఎందుకు, తన్యత అంతా మట్టి వైపే కదా అని అడుగుతుంటారు. 200 ఎంఎం దాటిన గోడకి రెండు ముఖాల్లోనూ జాలీ ఉండాలని ఐఎస్ 456 అంటుంది. ఎండ తగిలేదీ, పగుళ్లు కనిపించేదీ ఆ ముందు ముఖమే. ఇక కుర్చీలు, హుక్కులు. ఇవి డ్రాయింగ్‌లో ఉండవు, ఎస్టిమేట్‌లో ఉండవు, సైటులో మాత్రం తప్పకుండా కావాలి. కుర్చీలు లేకపోతే కూలీలు తొక్కినప్పుడు పై జాలీ కిందికి దిగిపోతుంది. హీల్‌కి తన్యత వచ్చేది పైనే, కాబట్టి జాలీ 100 ఎంఎం దిగితే హీల్ బలం మూడో వంతు దాకా పోయినట్టే.

కోసేముందు కాగితం మీద కోయండి

అసలు డబ్బు మిగిలేదీ, పోయేదీ ఈ దగ్గరే. 12 మీటర్ల రాడ్డులోంచి 4.776 ముక్కలు రెండే వస్తాయి. 2.448 మీటర్ల ముక్క మిగులుతుంది. బార్ బెండర్ దాన్ని ఓ పక్కకి విసిరేస్తాడు, సాయంత్రానికి అలాంటివి 40 పోగవుతాయి. ఇప్పుడు పట్టికలో రెండో వరుస చూడండి: హీల్ రాడ్డు 12 ఎంఎమ్మే, పొడవు 2.30. ఆ మిగులు ముక్కలో అది ఇమిడిపోతుంది.

విడివిడిగా కోస్తే స్టెమ్‌కి 41 రాడ్లు, హీల్‌కి రాడ్డుకి ఐదు ముక్కల చొప్పున 17, కలిపి 58. కలిపి కోస్తే స్టెమ్‌కి 41 పోగా, 40 మిగులు ముక్కల్లోంచి 40 హీల్ రాడ్లు వస్తాయి. ఆఖరి రాడ్డులో ఒక్క స్టెమ్ ముక్కే కోస్తాం కనుక అందులోంచి మరో మూడు. ఇంకా కావలసినవి 38, వాటికి 8 రాడ్లు. మొత్తం 49. తొమ్మిది రాడ్లు, 96 కిలోలు మిగిలాయి. అయితే ఒక షరతు: స్టెమ్ రాడ్లు ముందు కోయించాలి, హీల్ రాడ్లు తర్వాత. సైటులో బేస్ జాలీ ముందు కడతారు కాబట్టి బెండర్ సహజంగా 2.30 ముక్కలతోనే మొదలుపెడతాడు. మొదటి రోజే చెప్పకపోతే చేసేదేం లేదు.

టోని 1.0కి పెంచిన గోడ గుర్తుందా? అందులో నిలువు రాడ్డు 5.076 అవుతుంది, మిగులు 1.85. హీల్ రాడ్డు అందులో పట్టదు. కాంక్రీటులో కనిపించని టో ఇక్కడ తుక్కులో కనిపిస్తుంది.

10 ఎంఎంలో ఇంకో మెలిక ఉంది. ముందు ముఖం నిలువు రాడ్డు అడుగున కాలు 300 ఎంఎం ఇస్తే పొడవు 4.08. పన్నెండులోంచి రెండే వస్తాయి, 31 రాడ్లు కావాలి. కాలు 200కి తగ్గిస్తే 3.98, మూడు వస్తాయి, 21 రాడ్లతో సరిపోతుంది. ఎం25లో 10 ఎంఎం రాడ్డు పట్టు దొరకడానికి 485 ఎంఎం పాతుకోవాలి. బేస్‌లో నిలువుగా 350, కాలు 200 కలిపి 550 ఉంది కాబట్టి ఈ తగ్గింపు చెల్లుతుంది. డిజైనర్‌ని ఓ మాట అడిగి మార్పించుకోండి. అయితే మూడు ముక్కలు కలిపి 11.94, మార్జిన్ 60 ఎంఎం మాత్రమే. వచ్చిన కట్టలోంచి ముందు ఓ రాడ్డు టేపు పెట్టి కొలవండి. 12కి తక్కువ పడితే ఈ లెక్కంతా తలకిందులు.

ప్యానెల్‌ని 12 మీటర్లే పెట్టింది కూడా ఇందుకే. పొడవు రాడ్లు 66, ఒక్కోటి 11.90, అతుకు లేదు, తుక్కు లేదు. ప్యానెల్ 10 మీటర్లైతే ప్రతి రాడ్డు నుంచీ 2.1 మీటర్లు మిగిలేవి. 15 అయితే ప్రతి రాడ్డుకీ అతుకు పడేది.

10 ఎంఎంలో బేస్ కింది జాలీ అడ్డం రాడ్లకి 12, ముందు ముఖానికి 20, కీకి 10 నిండు రాడ్లు పోతే మూడింట్లోనూ ఒక్కో ముక్క తక్కువ పడుతుంది: 2.30, 3.98, 1.82. మూడూ కలిపి 8.10, ఒకే రాడ్డులోంచి వచ్చేస్తాయి. అలా 10 ఎంఎం రాడ్లు 109. 12 ఎంఎం 49కి, ఆఖరి హీల్ రాడ్డు మిగులు వాడుకోగా, కుర్చీల కోసం మరో మూడు కలిపి 52. 8 ఎంఎం రెండు. కొనే బరువు 1,371 కిలోలు, అసలు లెక్క మీద రెండున్నర శాతం లోపే ఎక్కువ. బైండింగ్ వైరు 12 కిలోలు చాలు.

దుకాణంలో రాడ్ల సంఖ్య చెప్పండి, బరువు చెప్పకండి. ఐఎస్ 1786 ప్రకారం 10 ఎంఎం దాకా రాడ్డు బరువు ఏడు శాతం, 12 ఎంఎంకి ఐదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. '800 కిలోల పది' అని తెస్తే బరువైన కట్ట వచ్చినప్పుడు రాడ్లు చాలక పని ఆగుతుంది.

నిలువు రాడ్లు ఒకే ముక్కగా నిలబెట్టలేకపోతే

3.8 మీటర్ల రాడ్లు 81, బేస్ పోసేదాకా ఊగకుండా పట్టి ఉంచాలి. వెదురు కర్రలతో రెండు వరుసల ఆసరా కడితే నిలుస్తాయి. గాలి ఎక్కువగా ఉండే గుట్ట మీదో, సరంజామా లేకనో కుదరకపోతే బేస్‌లోంచి పొట్టి రాడ్లు పైకి వదిలి, తర్వాత పైముక్క అతుకుతారు. 12 ఎంఎంకి అతుకు కనీసం 590 ఎంఎం ఉండాలి. అన్నిటికీ అతుకు వేస్తే 42 కిలోలు అదనం, పైన చెప్పిన కోత లెక్క కూడా పోతుంది. డబ్బు సంగతి అటుంచి, స్టెమ్ మొదలు దగ్గరే వంపు బలం అత్యధికం, అతుకులన్నీ అక్కడే పడతాయి. అందుకే సగం రాడ్లని పొడుగ్గా, సగాన్ని పొట్టిగా వదిలి అతుకుల్ని రెండు ఎత్తుల్లో పడేలా చేయాలి.

కాంక్రీటు పోసేముందు చూడవలసినవి

ఒక తప్పు ఏ లెక్కలోనూ దొరకదు, ఎందుకంటే కిలోలు సరిగ్గానే ఉంటాయి. అది రాడ్లు ముఖం మారడం. 12 ఎంఎం నిలువు రాడ్లు కనిపించే ముఖానికీ, 10 ఎంఎంవి మట్టి వైపుకీ పడిపోతాయి. మన గోడకి మట్టి వైపు మీటరుకి 671 చదరపు ఎంఎం స్టీలు కావాలి. 12 ఎంఎం 150 దూరంలో 754 ఇస్తుంది. ముఖం మారితే అక్కడ ఉండేది 393, సగం కన్నా కాస్త ఎక్కువ. బయటికి అంతా బాగానే కనిపిస్తుంది. పగులు స్టెమ్ అడుగున, మట్టి వైపు, ఎవరికీ కనబడని చోట వస్తుంది. కనిపించేది గోడ తల ముందుకి ఒరగడం, పక్క ప్యానెల్‌తో జాయింటు దగ్గర అంచులు కలవకపోవడం. అప్పటికి మట్టి నింపేసి ఉంటారు. అందుకని సెంట్రింగ్ మూసేముందు మట్టి వైపు నిలబడి చేత్తో తడమండి: లావు రాడ్లు, దగ్గర దగ్గరగా ఉన్నవి మీ వైపే ఉండాలి. వాటి కాళ్లు మీ నుంచి దూరంగా, టో వైపుకి పోవాలి. బేస్ జాలీలో లావు రాడ్లు పైన ఉండాలి.

బేస్ పోసేటప్పుడు స్టెమ్ స్థానంలో 100 నుంచి 150 ఎంఎం ఎత్తు కిక్కర్ కూడా దానితో పాటే పోయించండి. స్టెమ్ సెంట్రింగ్‌కి అదే ఆనుడు. ఆ అతుకు తలాన్ని గరుకు చేసి, మీద పేరుకున్న సిమెంటు పాల పొర దులిపి, తడిపాకే స్టెమ్ పోయాలి. ఆ ఎత్తు కాంక్రీటు స్టెమ్ లెక్కలోదే, మళ్లీ కలపకండి.

ఇక నీళ్లు. వెనక మట్టిలో నీళ్లు నిండితే గోడ మీద ఒత్తిడి రెట్టింపు దాటుతుంది, మనం చేసిన ఏ లెక్కా దానికి నిలవదు. 75 ఎంఎం పీవీసీ గొట్టాలు పొడవునా ఒకటిన్నర మీటరుకి ఒకటి చొప్పున, రెండు వరుసలు. వరుసకి 8, మొత్తం 16, గొట్టం 7 మీటర్లు చాలు. కింది వరుస ముందు నేల మట్టానికి కాస్త పైన ఉండాలి, లోపలి కొస ఎత్తుగా, బయటి కొస వాలుగా. వెనక 300 ఎంఎం మందాన కంకర నింపితే 12.6 ఘనపు మీటర్లు పడుతుంది, అంటే స్టెమ్ కాంక్రీటు ఎంతో అంత. ఎస్టిమేట్‌లో ఈ వరుస కనిపించకపోతే గుత్తేదారు కంకర బదులు తవ్విన మట్టినే తోసేస్తాడు. గొట్టాలు మొదటి వానకే పూడుకుపోతాయి. వాన వెలిసిన మర్నాడు గొట్టాలు పొడిగా ఉండి, గోడ ముఖం మీద చెమ్మ మరకలు కనిపిస్తుంటే లోపల నీళ్లు నిలబడ్డాయని అర్థం.